ఏ హెడ్‌లైన్ పనిచేస్తోందో వారాల లెక్కతో తేల్చుకోవడం ఎలా

ప్రశ్న: మూడేళ్ల అనుభవం ఉన్న డేటా అనలిస్ట్‌ని, హైదరాబాద్. నెల రోజుల్లో లింక్డ్‌ఇన్ హెడ్‌లైన్ నాలుగుసార్లు మార్చాను. ఒక వారం సెర్చ్ అప్పియరెన్సెస్ 50 దాటాయి, మరుసటి వారం 20కి పడిపోయాయి. రిక్రూటర్ల మెసేజ్‌లు మాత్రం ఎప్పట్లాగే ఒకటీ అరా. ఏ హెడ్‌లైన్ బాగుందో అసలు ఎలా తెలుస్తుంది?

సమాధానం:

హైదరాబాద్‌లో ఐటీ నియామకాల పనిలో పదకొండేళ్లుగా ఉన్నాను. రోజూ సెర్చ్ చేసేవాళ్లలో నేనూ ఒక మనిషిని కాబట్టి, ముందు మా వైపు స్క్రీన్ ఎలా ఉంటుందో చెప్తాను. అది తెలిస్తే మీ అంకెలు ఎందుకు అలా ఊగుతున్నాయో సగం అర్థమవుతుంది.

క్లయింట్ నుంచి జేడీ, అంటే ఉద్యోగ వివరణ, వస్తుంది. అందులోని మాటలతో ఇలాంటిది ఒకటి టైప్ చేస్తాం:

```
("QA Automation" OR SDET OR "Automation Engineer") AND Selenium AND Java
```

దానికి ఊరు, అనుభవం ఎన్నేళ్లు అనే ఫిల్టర్లు పెడతాం. వందల ప్రొఫైల్స్ జాబితాగా వస్తాయి. ఒక్కో మనిషికి ఒక చిన్న కార్డు: ఫోటో, పేరు, పేరు కిందే హెడ్‌లైన్, ఆ కింద ఇప్పటి ఉద్యోగం, పాత ఉద్యోగాలు. నేను ఒక్కో కార్డు మీద ఆగేది రెండు మూడు సెకన్లు. పేరు మీంచి చూపు నేరుగా హెడ్‌లైన్ మీదికి పోతుంది. అక్కడ నా చేతిలో ఉన్న జేడీకి దగ్గరగా ఏదైనా కనిపిస్తే ప్రొఫైల్ తెరుస్తాను, లేకపోతే కిందికి జరుపుతాను.

అంటే జాబితాలో మీ కార్డు రావడం ఒక విషయం, దాని దగ్గర నేను ఆగడం ఇంకో విషయం. సెర్చ్ అప్పియరెన్సెస్ అనే అంకె మొదటిదాన్నే చెప్తుంది. మెసేజ్ రావడం రెండోదాన్ని చెప్తుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడకుండా ఒక్క అప్పియరెన్సెస్ అంకె వెంటే పరిగెత్తితే తప్పు హెడ్‌లైన్‌ని ఎంచుకునే ప్రమాదం ఉంది. మా పిన్ని కూతురి విషయంలో సరిగ్గా అదే జరగబోయింది, ఆ కథ కింద వివరంగా చెప్తాను.

ముందు మీ 50, 20 సంగతి. మీ అనలిటిక్స్ పేజీ ఒకసారి తెరిచి జాగ్రత్తగా చూడండి. ఇప్పుడు చాలామందికి అక్కడ మొత్తం అప్పియరెన్సెస్ అని ఒకే అంకె చూపించి, దాన్ని పోస్టులు, కామెంట్లు, నెట్‌వర్క్ సిఫారసులు, సెర్చ్ అని విడదీసి ఇస్తున్నారు. మీరు ఆ 50 వచ్చిన వారంలో ఎవరిదో బాగా తిరిగిన పోస్టు కింద కామెంట్ పెట్టి ఉంటే, ఆ అంకె పెరగడానికి హెడ్‌లైన్‌తో సంబంధమే ఉండకపోవచ్చు. మీకు కావలసింది సెర్చ్ అని రాసి ఉన్న భాగం ఒక్కటే. శాతంగా ఇస్తే లెక్కకట్టుకోండి: మొత్తం 120లో సెర్చ్ 30 శాతమైతే మీ అంకె 36.

ఇంకో మాట. ఆ సెర్చ్ చేసినవాళ్లంతా రిక్రూటర్లు కారు. ట్రైనింగ్ సంస్థలవాళ్లు, సేల్స్‌వాళ్లు, మీ పాత కాలేజీవాళ్లు కూడా ఉంటారు. వెతికినవాళ్లు ఏ కంపెనీల్లో, ఏ హోదాల్లో ఉన్నారో పేజీలో కనిపిస్తే, టాలెంట్ అక్విజిషన్, రిక్రూటర్ లాంటి హోదాలు ఎన్ని ఉన్నాయో ప్రతివారం చూసి పక్కన రాసుకోండి.

ఇక వారానికొకసారి మార్చడం. ఒక వారంలో మా దగ్గరికి మీ రకం జేడీలు మూడు వస్తాయి, ఇంకో వారం ఒక్కటీ రాదు. ఆ హెచ్చుతగ్గులన్నీ మీ అంకెలో పడతాయి. ఒక్కో హెడ్‌లైన్‌కి ఒక్కో వారం ఇస్తే మీరు కొలిచేది మార్కెట్‌నే తప్ప హెడ్‌లైన్‌ని కాదు. అందుకే ఒక్కోదానికి కనీసం రెండు వారాలు ఇవ్వాలి. అంతకన్నా ముఖ్యమైనది, మొదటి హెడ్‌లైన్ దగ్గరికి మళ్లీ వెనక్కి వెళ్లాలి. చాలామంది ఈ వెనక్కి వెళ్లే పని చేయరు. పాతది తీసేసి కొత్తది పెడతారు, అంకె పెరుగుతుంది, కొత్తది గెలిచిందనుకుంటారు. అదే సమయంలో జనవరి వచ్చి కొత్త బడ్జెట్లతో నియామకాలు ఊపందుకున్నాయేమో! పాతది మళ్లీ పెట్టినప్పుడు అంకె మళ్లీ పడి, కొత్తది పెట్టగానే మళ్లీ లేస్తే అప్పుడు నమ్మొచ్చు.

మా పిన్ని కూతురిది టెస్టింగ్, నాలుగేళ్ల అనుభవం. ఆఫర్ లెటర్‌లో హోదా అసోసియేట్ కన్సల్టెంట్. ఆ మాటకు బయట ఏ అర్థమూ లేదు, ఆమె ఏం పనిచేస్తుందో దాంట్లో కనిపించదు. మనమేమీ రాయకపోతే లింక్డ్‌ఇన్ హోదా, కంపెనీ పేరు కలిపి తనే హెడ్‌లైన్‌గా పెడుతుంది. ఆమెది నాలుగేళ్లుగా అదే. ఆగస్టు చివర్లో ఒక ఆదివారం రాత్రి మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాం. పాతదానికి ఎ అని పేరు పెట్టి, ఇంకో రెండు రాశాం. బి అన్నది ఆమె రాసింది:

```
QA Engineer | Manual & Automation Testing | Selenium | Java | API | Agile | Jira | SQL | 4 yrs
```

సి అన్నది నేను రాసింది, అందులో SDET అంటే టెస్టింగ్ కోసం కోడ్ రాసే ఇంజినీర్:

```
SDET | API Automation with Java, Rest Assured | Banking & Payments | 4 yrs, Hyderabad
```

హెడ్‌లైన్‌కి 220 అక్షరాల దాకా చోటుంది కానీ, ఫోన్‌లోనూ కామెంట్ల పక్కనా మొదటి ముక్కే కనిపిస్తుంది, మిగతాది తెగిపోతుంది. అందుకే రెండింట్లోనూ మొదటి మాటే అసలు పోటీ. బి లో తెలిసినవన్నీ ఉన్నాయి. సి లో ఆమె తర్వాత చేయాలనుకునే పని మాత్రమే ఉంది. బ్యాంకింగ్ పేమెంట్స్ ప్రాజెక్టులో ఆమె రెండేళ్లు నిజంగా పనిచేసింది. అది లేకపోతే అక్కడ పెట్టనిచ్చేదాన్ని కాదు, ఎందుకంటే మొదటి రౌండ్‌లోనే బయటపడుతుంది.

పరీక్ష మొదలుపెట్టకముందే ఒక పని పూర్తిచేశాం. రిక్రూటర్ టూల్‌లో జాబ్ టైటిల్ అనే ఫిల్టర్ ఉంటుంది. అది చూసేది ఎక్స్‌పీరియెన్స్ విభాగంలోని హోదాని, హెడ్‌లైన్‌ని కాదు. అక్కడ అసోసియేట్ కన్సల్టెంట్ అని మాత్రమే ఉంటే హెడ్‌లైన్ ఎంత బాగున్నా ఆ ఫిల్టర్ వాడే రిక్రూటర్లకు మీరు కనపడరు. అలాగని అసలు హోదాని చెరిపేసి వేరేది పెడితే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఇబ్బంది. అందుకని ఆమె రెండూ ఉంచింది:

```
Associate Consultant - SDET
```

స్కిల్స్, లొకేషన్, ఓపెన్ టు వర్క్ సెట్టింగ్ కూడా అప్పుడే సరిచేసి, ఒక వారం ఆగి, ఆ తర్వాత పరీక్ష ముగిసేదాకా ఒక్క అక్షరం కూడా ముట్టుకోకూడదని అనుకున్నాం. మధ్యలో ఓపెన్ టు వర్క్ ఆన్ చేస్తే అంకెలు ఒక్కసారిగా మారతాయి, ఆ మార్పు ఎవరి ఖాతాలో వేయాలో తెలియదు.

షీట్‌లో ఆరే గడులు: వారం మొదలైన తేదీ, హెడ్‌లైన్ అక్షరం, సెర్చ్ అప్పియరెన్సెస్, వచ్చిన మెసేజ్‌లు, వాటిలో పనికొచ్చేవి, గమనికలు. సెర్చ్ అంకె వారానికోసారి మారుతుంది, పేజీలో ఏ తేదీల మధ్యదో ఉంటుంది. కొత్త అంకె వచ్చిన రోజే దాన్ని రాసుకుని, హెడ్‌లైన్ మార్చాల్సి ఉంటే అదే రోజు మార్చాలి. బుధవారం గుర్తొచ్చిందని మార్చేస్తే ఆ వారం అంకె సగం పాతదానిది, సగం కొత్తదానిది అవుతుంది.

పనికొచ్చే మెసేజ్ అంటే ఏమిటో ముందే కాగితం మీద రాసుకున్నాం. ఆటోమేషన్ పని అయ్యుండాలి, హైదరాబాద్ లేదా రిమోట్, పర్మనెంట్ ఉద్యోగం, అనుభవం మూడు నుంచి ఆరేళ్ల మధ్య. ఇది ముందే ఎందుకు రాసుకోవాలంటే, మెసేజ్ వచ్చాక మనసు మనకు నచ్చిన హెడ్‌లైన్ వైపు మొగ్గుతుంది, లెక్క మారిపోతుంది. ఆమె అప్లై చేసిన కంపెనీల నుంచి వచ్చిన మెసేజ్‌లు లెక్కలో వేయలేదు, ఎందుకంటే వాళ్లు సెర్చ్‌లో చూసి రాలేదు, అప్లికేషన్ చూసి వచ్చారు. డబ్బు కట్టమన్నవాళ్లు, కోర్సు అమ్మేవాళ్లు కూడా లెక్కలో లేరు.

ఇక అంకెలు. మొదటి రెండు వారాలు ఎ అలాగే ఉంచాం: అప్పియరెన్సెస్ 14, 17. పనికొచ్చే మెసేజ్ ఒక్కటీ లేదు. తర్వాత బి పెడితే 41, 46. ఆమె ఫోన్ చేసి ఎగిరి గంతేసినంత పని చేసింది, "అక్కా, మూడు రెట్లు అయ్యింది, ఇదే ఉంచేద్దాం" అంది. ఆగమన్నాను. సి పెడితే 24, 29కి తగ్గింది. దాంతో ఆమెకు టెన్షన్ మొదలైంది. ఆ తర్వాత దసరా వారం. సెలవులకు సగం మంది రిక్రూటర్లు ఊళ్లలో ఉన్నారు, అంకె 19. దాన్ని లెక్కలోంచి తీసేశాం. మళ్లీ బి: 38, 47. దీపావళి వారం కూడా తీసేశాం. మళ్లీ సి: 31, 26.

నాలుగేసి వారాలు కలిపితే బి కి 172, సి కి 110. మొత్తం మెసేజ్‌లు బి కి 13, సి కి 10. ఇక్కడితో ఆపేస్తే బి గెలిచినట్టే. కానీ మెసేజ్‌లు ఒక్కొక్కటే తెరిచి చదివాం. బి కి వచ్చిన 13లో పనికొచ్చేవి 3. మిగతావి ఎక్కువగా మాన్యువల్ టెస్టింగ్, ఆరు నెలల కాంట్రాక్టులు, థర్డ్ పార్టీ పేరోల్. హెడ్‌లైన్‌లో మాన్యువల్ అని రాసి ఉంది కాబట్టి మాన్యువల్ కోసం వెతికినవాళ్ల జాబితాలోకి వెళ్లింది, వాళ్లూ ఆ పనికే పిలిచారు. సి కి వచ్చిన 10లో పనికొచ్చేవి 8. వాటిలో రెండు మెసేజ్‌లు నాకు ఇప్పటికీ గుర్తు, రెండూ పేమెంట్స్ అనుభవం చూసి రాస్తున్నామనే మొదలయ్యాయి. హెడ్‌లైన్‌లోని మాటని మెసేజ్ తిరిగి పలికిందంటే, అవతలి మనిషి దాన్ని చదివే ఆగాడన్నమాట. అలాంటి మెసేజ్ వస్తే గమనికల గడిలో ఆ మాటని అలాగే రాసి పెట్టుకోండి. ఇంత చిన్న లెక్కల్లో అంతకంటే గట్టి ఆధారం దొరకదు.

ఇక్కడ 3, 8 మధ్య తేడా నిజమేనా అన్న అనుమానం రావాలి. చిన్న అంకెలు యాదృచ్ఛికంగానే చాలా ఊగుతాయి. దీనికి ఒక మోటు లెక్క ఉంది, రెండు హెడ్‌లైన్‌లకూ సమానంగా వారాలు ఇచ్చినప్పుడు పనికొస్తుంది. రెండు అంకెలనూ కూడి, దాని వర్గమూలం తీసి, రెట్టింపు చేయండి. రెండు అంకెల తేడా దానికంటే ఎక్కువైతే తేడాని నమ్మొచ్చు, తక్కువైతే ఇంకా తేలలేదని అర్థం. 3, 8 కూడితే 11, వర్గమూలం సుమారు 3.3, రెట్టింపు 6.6. తేడా 5 మాత్రమే. అంటే ఇంకా తేలలేదు. అప్పియరెన్సెస్‌కి అదే చేస్తే 172, 110 కలిపి 282, వర్గమూలం 16.8, రెట్టింపు 33.6. తేడా 62. బి ఎక్కువ జాబితాల్లోకి వెళ్తోందన్నది ఖాయం.

అప్పియరెన్సెస్ విషయంలో ఈ లెక్కని కూడా కొంచెం అనుమానంతోనే చూడాలి. ఒకే రిక్రూటర్ ఒకే రోజు ఫిల్టర్లు మార్చి మార్చి ఐదుసార్లు వెతుకుతారు. నేనే చేస్తాను. ఆ అంకెలు ఒకదానికొకటి సంబంధం లేనివి కావు, అందుకని తేడా అంచు మీద ఉంటే లేనట్టే లెక్క వేసుకోండి.

పనికొచ్చే మెసేజ్‌ల సంగతి తేలలేదు కాబట్టి ఇంకో నాలుగు వారాలు నడిపాం, బి కి రెండు, సి కి రెండు. బి కి ఒకటి వచ్చింది, సి కి ఐదు. మొత్తం ఆరేసి వారాలకు 4, 13. కూడితే 17, వర్గమూలం సుమారు 4.1, రెట్టింపు 8.2, తేడా 9. కొద్దిగానే దాటింది కానీ దాటింది. దానికి తోడు మెసేజ్‌లలోని మాటలు కూడా అదే చెప్తున్నాయి. డిసెంబర్ చివర్లో సి ఖాయం చేసి షీట్ మూసేశాం. పదహారు వారాలు పట్టింది, అందులో రెండు పండగలకు పోయాయి.

మరి తక్కువ జాబితాల్లో కనబడి ఎక్కువ మంచి మెసేజ్‌లు ఎలా వచ్చాయంటే, బి పెట్టినప్పుడు ఆమె కార్డు వెళ్లిన జాబితాల్లో చాలా భాగం ఆమెకు అక్కర్లేనివి. ఆమెకు కావలసిన జాబితాలో కూడా బి హెడ్‌లైన్ పక్క కార్డులాగే ఉంది, ఆరు టూల్స్ పేర్లు గీతల మధ్య. అలాంటివి నేను రోజుకు వందలు చూస్తాను, ఒక్కటీ గుర్తుండదు.

ఈ పద్ధతి అందరికీ కుదరదని కూడా చెప్పాలి. నెలకు ఒక్క మెసేజ్ కూడా రాని వాళ్లకు, ఫ్రెషర్లకు, ఇలా లెక్కపెడితే ఆరు నెలలైనా తేలదు. అలాంటప్పుడు మెసేజ్‌లు వదిలేసి సెర్చ్ అంకె, వెతికినవాళ్ల హోదాలు మాత్రమే చూడండి. అవి వారానికి పదిలోపే ఉంటే సమస్య హెడ్‌లైన్‌లో కన్నా స్కిల్స్‌లోనో, ఎక్స్‌పీరియెన్స్ హోదాలోనో, లొకేషన్‌లోనో ఉండే అవకాశం ఎక్కువ. అలాగే ఒకేసారి మూడు నాలుగు హెడ్‌లైన్‌లు పరీక్షించకండి. ఉన్న కాసిని మెసేజ్‌లు నలుగురికి పంచితే ఎవరి చేతిలోనూ ఏమీ మిగలదు.

నౌక్రీలో కూడా ఇదే చేయాలనుకుంటే రెండు తేడాలు గుర్తుంచుకోండి. అక్కడ ప్రొఫైల్ పనితీరు దగ్గర కనిపించే సెర్చ్ అప్పియరెన్సెస్, రిక్రూటర్ యాక్షన్స్ గత 90 రోజులవి. కాబట్టి ఈ వారం అంకెలోంచి పోయిన వారం అంకె తీసేస్తే ఈ వారం లెక్క రాదు, ఎందుకంటే అవతలి చివర 90 రోజులు దాటిన రోజులు రాలిపోతూ ఉంటాయి. అక్కడ మెసేజ్‌లు, ఫోన్ కాల్స్ మీరే తేదీ వేసి రాసుకోవడం మేలు. రెండోది ఇంకా పెద్దది. మేం నౌక్రీ డేటాబేస్‌లో వెతికేటప్పుడు ఈమధ్య యాక్టివ్‌గా ఉన్నవాళ్లు, ఈమధ్య ప్రొఫైల్ మార్చినవాళ్లు ముందు వచ్చేలా పెట్టుకుంటాం. అంటే మీరు హెడ్‌లైన్‌లో ఏం మార్చినా, ఒక కామా తీసేసినా, కొన్ని రోజులు పైకి వస్తారు. కొత్త హెడ్‌లైన్ బ్రహ్మాండంగా ఉందని చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. దీనికి విరుగుడు ఒకటే: హెడ్‌లైన్ మార్చని వారాల్లో కూడా అదే రోజున ప్రొఫైల్‌లో ఏదో ఒక చిన్న మార్పు చేసి సేవ్ చేయండి. అప్పుడు ఆ తాజాదనం అన్ని వారాలకూ సమానంగా ఉంటుంది, మిగిలిన తేడా హెడ్‌లైన్‌ది అవుతుంది.

మీ విషయానికి వస్తే, ఆ నాలుగు హెడ్‌లైన్‌లలో రెండింటిని పక్కన పెట్టేయండి. ఒకటి అన్నీ చెప్పేది, ఇంకోటి మీరు వెళ్లాలనుకునే పనిని చెప్పేది ఉంచుకోండి. మీరు పనిచేసిన రంగం రాయలేదు. ఉదాహరణకి అది ఫార్మా అనుకుంటే ఇలా మొదలుపెట్టొచ్చు:

```
Data Analyst | SQL | Power BI | Python | Excel | Tableau | 3 yrs
Data Analyst - Pharma Sales | SQL, Power BI dashboards | 3 yrs, Hyderabad
```

రెండింట్లోనూ మొదటి మాట ఒకటే ఉంచాను. టైటిల్, రంగం రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల తేడా వచ్చిందో తెలియదు. నిజానికి మా చెల్లి పరీక్షలో మేం చేసిన లోపం అదే, బి కి సి కి మధ్య చాలా మాటలు ఒకేసారి మారాయి. సి మంచిదని తెలిసింది కానీ అది SDET అన్న మాట వల్లనా, పేమెంట్స్ వల్లనా అన్నది మెసేజ్‌లు చదివి ఊహించాల్సి వచ్చింది.

ఈ వారం కొత్త అంకె వచ్చిన రోజు సెర్చ్ భాగం ఎంతో రాసుకుని, మొదటిది పెట్టి, రెండు వారాలు అలా వదిలేయండి. ఆ రెండు వారాలూ కామెంట్లు, పోస్టులు మీరు మామూలుగా ఎంత పెడతారో అంతే పెట్టండి. రెండేసి వారాల చొప్పున నాలుగు విడతలు అయ్యాక అంకెలు, మెసేజ్‌లలో కనబడిన మాటలు ఇక్కడ రాయండి. కలిసి చూద్దాం.